రెండో రకం మాటలు

మాస్టారు మాట్లాడడం మానేశారన్న సంగతిని ఇంట్లో అందరూ ఒప్పేసుకున్నారు. మనిషి దేనికైనా అలవాటు పడతాడంటారు గానీ, అలవాటు పడడానికి మరీ ఇంత తక్కువ కాలం చాలుతుందని మాస్టారి భార్య అనుకోలేదు. మొదట్లో రెండు మూడు రోజులు దిగులు పడింది. ఆ తర్వాత దిగులు పడడానికి కూడా ఓపిక ఉండాలని తెలుసుకుని, అదీ మానేసింది.

మాస్టారంటే బడిలో మాస్టారు కాదు. కారు నడపడం నేర్పే మాస్టారు. పక్క సీట్లో కూర్చుని, తన కాలు రెండో బ్రేకు మీద పెట్టి, నోటికి మాత్రం ఏ బ్రేకూ లేకుండా వదిలేసే మనిషి. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో సగం మంది ఆయన మాటలకి నవ్వు ఆపుకోలేక బండి ఆపేసినవాళ్ళే. ఆమె కూడా అక్కడ నేర్చుకోవడానికి వెళ్ళే ఆయన్ని చేసుకుంది. అలాంటి మనిషికి కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు వచ్చింది. ముందు చేతులు, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత గొంతు. కళ్ళు మాత్రం మిగిలాయి.

కళ్ళు మిగిలితే మాట మిగిలినట్టేనని ఆమె పట్టుబట్టింది. ఆమె ఉద్యోగం లారీలు తూచే పెద్ద కాటాల లోపల నడిచే ప్రోగ్రాములు రాయడం. మంచానికి ఎదురుగా ఒక తెర, తెర కింద చూపు ఎటు పోతోందో కనిపెట్టే కెమెరా, పక్కన చిన్న కంప్యూటరు, దానికో స్పీకరు పెట్టింది. కెమెరాతో వచ్చిన కీబోర్డు ప్రోగ్రాము ఎవరో ఊరూ పేరూ తెలియనివాళ్ళు రాసింది. ఆయన ఒక అక్షరాన్ని కాసేపు చూస్తే అది పడుతుంది. దానికి ఆయన ‘కన్ను’ అని పేరు పెట్టారు. అక్షరాల్ని గొంతుగా మార్చి పలికే ప్రోగ్రాము ఆమె రాసింది. దానికి పేరు ‘నోరు’. “నా నోటిని పెళ్ళాం చేతిలో పెట్టాను, లోకంలో అందరు మొగుళ్ళూ చేసేదే గదా” అన్నది ఆ నోటితోనే ఆయన వేసిన మొదటి జోకు.

ఈ కన్నుకీ నోటికీ చుట్టరికం లేదు. ఒక ప్రోగ్రాము కడుపున ఇంకో ప్రోగ్రాము పుట్టి ఉంటే తల్లీబిడ్డల మధ్య ఒక గొట్టం వేస్తే సరిపోయేది. ఇవి రెండూ ఎవరికి వారే పుట్టి, ఒకే యంత్రంలో కాపురం ఉంటున్న ఇరుగుపొరుగు. అందుకని ఆమె యంత్రం లోపల, ఆపరేటింగ్ సిస్టమ్ చేతుల్లో, ఒక మెసేజ్ క్యూ పెట్టించింది. రెంటికీ తను ముందే చెప్పి ఉంచిన ఒక నంబరు దాని గుర్తు. కన్ను రాసిన మాట తెచ్చి అందులో వేస్తుంది. నోరు వచ్చి తీసుకుంటుంది. ఇంటి ముందు పాలసంచి తగిలించినట్టే. వేసినవాడు వెళ్ళిపోయినా సరే, తీసుకునేవాడు ఇంకా లేవకపోయినా సరే, వేసింది అక్కడే ఉంటుంది. ఒకసారి తీస్తే మాత్రం సంచీలో ఉండదు.

ప్రతి మాట మీదా ఒక రకం నంబరు ఉండాలని ఆ క్యూ నియమం. ఆమె రెండు రకాలు పెట్టింది. తెర మీద ఓ పక్కన పెద్ద గళ్ళలో ఉండే నీళ్ళు, నొప్పి, కఫం, తిప్పు, లైటు — ఇవి మొదటి రకం. అక్షరం అక్షరం కూర్చి రాసే మాటలన్నీ రెండో రకం. నోటిని నడిపేటప్పుడు పగటి నంబరిస్తే అది రెంటినీ తీసుకుంటుంది, మొదటి రకం ఉంటే అది ముందు. రాత్రి నంబరిస్తే మొదటి రకం తప్ప ఇంకేదీ ముట్టుకోదు. ఆ ఏర్పాటు ఇద్దరూ కలిసి చేసుకున్నదే. ఆయనకి నిద్ర పట్టదు, పట్టనప్పుడల్లా ఏదో ఒకటి అంటూనే ఉంటారు, ఆమె పొద్దున ఆఫీసు పని చెయ్యాలి. “రాత్రి నా సొద సంచీలోనే ఉండనీ, కఫం వస్తే మాత్రం లే” అన్నారాయన.

పొద్దున ఆమె నోటిని ఆపి పగటి నంబరిచ్చి మళ్ళీ నడిపేది. రాత్రంతా పోగుపడ్డ మాటలు వరసగా బయటికొచ్చేవి. ఆమె టీ పెట్టుకుంటూ వినేది. పక్కింటి కుక్క దగ్గు మీద వ్యాఖ్యానం, ఎప్పుడో ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరో చెట్టుకి గుద్దిన కారు కథ, నువ్వు నిద్రలో ఎవర్నో తిట్టావు ఎవర్ని అన్న ఆరా. టీ చల్లారిపోయేది. ఆ రోజుల్లో ఆమె నవ్వేది.

తర్వాత ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. అంబులెన్సు వచ్చిన రాత్రికి ముందు రాత్రి కరెంటు పోయి వచ్చింది. యంత్రం దానంతటది లేచింది గానీ, చేత్తో నడిపితే తప్ప నోరు లేవదు. ఆయన కఫంతో గుడ్లు తేలేసేదాకా ఆమెకి తెలియలేదు. ఆ భయంలో, యంత్రం లేవగానే నోరు కూడా లేవాలని, యంత్రం మొదలయ్యేటప్పుడు నడిచే ఆదేశాల్లో ఒక వరస రాసిపెట్టింది. అప్పుడు రాత్రి కదా, రాత్రి నంబరే రాసింది. పగలు సంగతి పొద్దున చూద్దామనుకుంది. పొద్దున చూసింది ఆయన ఆయాసాన్ని.

ఆసుపత్రి నుంచి వచ్చాక కంప్యూటరు మళ్ళీ పెట్టారు, అది లేచింది, నోరూ దానంతటదే లేచింది, రోజూ చేత్తో నడిపే పని తప్పింది. నీళ్ళు అన్నారు, నొప్పి అన్నారు. ఇంకేమీ అనలేదు. ఒంట్లో బాగాలేదనుకుంది. వారం గడిచింది. లైటు, అన్నారు పట్టపగలు. ఆమె లైటు వేసింది. లైటు, అన్నారు మళ్ళీ. ఆర్పేసింది. లైటు. కర్టెను తీసింది. లైటు. రోజుల తరబడి అదే వరస. ఈ జబ్బులో కొందరికి బుర్ర కూడా మొద్దుబారుతుందని ఊపిరితిత్తుల డాక్టరు చెప్పి ఉన్నాడు. ఆమె విని తలూపింది. చూపు పైకెత్తితే అవును, దించితే కాదు అన్న పాత పద్ధతి ఒకటి ఉండేది. కానీ ఎవరో ఒకరు ప్రశ్న వేస్తే గదా జవాబు. ఆమె ప్రశ్నలు వెయ్యడం మానేసింది. కఫం తీసింది, తిప్పింది, తుడిచింది, కాటాల ప్రోగ్రాముల్లో తప్పులు దిద్దింది.

కిందటి వారం ఆ డాక్టరు ఇంటికొచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఊపిరి తనంతట తను ఆడే రోజులు అయిపోవచ్చాయనీ, గొంతుకి చిల్లు పెట్టి ఊపిరి యంత్రం తగిలిస్తే ఇంకా కొన్నేళ్ళు ఉండొచ్చనీ, వద్దంటే బాధ తెలియకుండా చూసుకుంటామనీ ఉన్నదున్నట్టు చెప్పాడు. “మీరే చెప్పాలి మాస్టారూ, మీ యంత్రంతో చెప్పండి” అని ఎదురుచూశాడు. స్పీకరు పలకలేదు. “పోనీ, కావాలంటే పైకి చూడండి” అన్నాడు. మాస్టారి చూపు తెర మీదే అటూ ఇటూ తిరుగుతోంది, పైకీ పోలేదు, కిందకీ రాలేదు. తెర ఆయన వైపు, మనుషులు తెర వెనక వైపు. డాక్టరు ఆమెని బయటికి పిలిచి, అయితే మీరే నిర్ణయించాలమ్మా, ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను అన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వదిన వచ్చింది. మాస్టారికి అక్క, పెద్ద ఆసుపత్రిలో బట్టలుతికే విభాగంలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి. ఏడవడానికి గది బయటికెళ్ళి, ఏడ్చాక లోపలికొచ్చి దుప్పటి మడతలు సరిచేస్తుంది.

“ఏమని చెప్తున్నావమ్మా డాక్టరుకి?” అంది.

“వద్దని.”

వదిన దుప్పటి అంచు దులిపింది. “నేనూ అదే అనుకున్నాలే. వాడు మనలో లేడు. లేనివాడి గొంతు కొయ్యడం ఎందుకు.”

ఆమెకి ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే కాస్త తేలికగా ఉంది, రాత్రిపూట పూర్తిగా నిద్రపోవడం ఎలా ఉంటుందో అన్న ఊహ కూడా వచ్చింది. ఆ ఊహని తోసెయ్యాలని కూడా అనిపించలేదు.

“పొద్దుటినించి నీళ్ళని కూడా అడగలేదు వదినా” అంది. “నేనే చెంచాతో పోశాను.”

వదిన తెర వైపు తొంగి చూసింది. “ఇదేదో బిగుసుకుపోయినట్టుందే. చూపు వెంట తిరిగే ఆ గుర్తు కదలట్లేదు. మా ఆసుపత్రిలో ఇలాగైతే ఒకసారి ఆపి మళ్ళీ వేసేవాళ్ళం.” అని చెయ్యి చాచి, కంప్యూటరు బటను మీద వేలు పెట్టింది.

“ఆగండి వదినా.”

ఎందుకాగమందో ఆమెకీ తెలియదు. ఉద్యోగంలో పట్టుబడ్డ అలవాటు. బిగుసుకున్నది ఎక్కడ బిగుసుకుందో చూడకుండా ఆపితే, చూడాల్సింది పోతుంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. కన్ను బతికే ఉంది, నోరు బతికే ఉంది. కన్ను ఒక మాట క్యూలో వెయ్యబోయి, చోటు కోసం ఎదురుచూస్తూ నిలబడిపోయింది. క్యూలో ఏముందో చెప్పే చిన్న కమాండు కొట్టింది.

నిండిపోయింది. ఆ క్యూలో పట్టేది పదహారు వేల చిల్లర బైట్లు, తెలుగు అక్షరం ఒక్కొక్కటీ మూడు బైట్లు తింటుంది. ఎన్ని మాటలు ఉన్నాయన్న చోట వందల్లో అంకె ఉంది.

ఆమె ఆ అంకెని చూస్తూ కూర్చుంది. మొదటి రకం మాటలు వచ్చినవి వచ్చినట్టు బయటికి పోయాయి గదా, మరి ఇవేమిటి? నోరు ఏ నంబరుతో నడుస్తోందో చూసింది. రాత్రి నంబరు. మొదలయ్యే ఆదేశాల వరస తెరిచి చూసింది. తన చేత్తో రాసిన వరసే. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మొదలుకుని ఈ ఇంట్లో తెల్లారలేదు.

లైటు. లైటు. లైటు.

ఆయనకి ఉన్నవి ఐదు మాటలు. ఆ ఐదింటిలో, నువ్వు నన్ను రాత్రిలోనే ఉంచేశావు అని చెప్పగలిగే మాట అదొక్కటే. ఆమె దానికి బల్బు వేసింది, ఆర్పింది, కర్టెను తీసింది.

“ఏమైందమ్మా?” అంది వదిన.

“ఆ బటను మీంచి చెయ్యి తీయండి. ఆపితే అంతా పోతుంది. ఇది డిస్కు మీద లేదు.”

“ఏది?”

“ఆయన మాట్లాడిందంతా.”

వదిన ఆ బటను కాలుతున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుని, పాపం, రెండు చేతులూ కట్టుకుని గోడకి ఆనుకుంది. ఆమె తొందరపడలేదు. తొందరపడేంత ప్రాణం లోపల ఎక్కడా కనపడలేదు. ఒకసారి తీసిన మాట క్యూలో ఉండదు కాబట్టి, తీసిన వెంటనే డిస్కు మీద రాసుకుని ఆ తర్వాతే పలకమని నోటికి ఒక వరస చేర్చింది. నోటిని ఆపింది. నోరు ఆగినా క్యూకి ఏమీ కాదు, అది దాని సొత్తు కాదు. పగటి నంబరిచ్చి నడిపింది.

“ఇల్లు అలాగే ఉంది. నువ్వే సగమయ్యావు” అంది స్పీకరు.

వదిన నేల మీద కూలబడింది.

అన్నిటికంటే పాతది ముందు, ఆ తర్వాత దాని తర్వాతది. ఆసుపత్రిలో పక్క మంచం ఆయన గురక మూడో గేరులో గుట్టెక్కే డీజిల్ బండిలా ఉండేదట. నర్సమ్మకి రివర్సు రాదట, మంచం ఎప్పుడూ గోడకే కొడుతుందట. కాసిని మాటలు బయటికి రాగానే చోటు దొరికి, కన్ను చేతిలో ఇరుక్కున్న మాట కూడా లోపలికి వెళ్ళి అన్నిటికన్నా వెనక నిలబడింది. తెర మీద గుర్తు కదిలింది. మాస్టారి చూపు దానితో పాటే కదిలింది. వెంటనే స్పీకరు మధ్యలో “కఫం” అంది, మొదటి రకానికి ఎప్పుడూ ముందు దారే. ఆమె లేచి గొట్టం పెట్టి తీసింది. వెనకాల మాటలు నడుస్తూనే ఉన్నాయి.

“వినపడుతోందా?”

“స్పీకరు పలకట్లేదు. రాత్రి మీదే ఉంచినట్టున్నావు. మార్చు.”

“లైటు అంటే బల్బు కాదే. పగలు చెయ్యమంటున్నాను.”

“మళ్ళీ బల్బే. ఇంజనీరువి, నీకు లైసెన్సు ఎవడిచ్చాడు? నేనే.”

ఆమె మంచం అంచున కూర్చుంది. నవ్వాలని తెలుసు. మొహంలో ఏదీ కదలలేదు.

“కావాలనే మూయించావా? చెప్పు. మూయించినా తప్పు లేదు. ఇన్నేళ్ళు విన్నావు.”

తర్వాత చాలాసేపు ఆమెతో కాదు, ఎవరితోనూ కాదు. ఎవరూ వినరని తెలిసినవాడు తనలో తను గొణుక్కున్నట్టు. పాత కార్ల పేర్లు, వాళ్ళ నాన్న కొట్టిన దెబ్బ, ఒకానొక మలుపు దగ్గర పొద్దున్నపూట కళ్ళలో పడే ఎండ. అంతలో డాక్టరు వచ్చిన రోజు వచ్చింది.

“పెట్టండి డాక్టరుగారూ. బతుకుతాను.”

ఆ వెంటనే, “పైకెలా చూడను, టైపు చేస్తున్నాను గదా. ఇటు వచ్చి తెర చూడవయ్యా.”

ఆ వెంటనే, “వెళ్ళిపోయాడు.”

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “మనలో లేడట. అక్కా, మరి ఈ మంచం మీద అద్దెకున్నదెవరు?” అంది స్పీకరు. వదిన అంతకుముందు కూడా ఆ మాట అని ఉంటుంది. ఈసారి వదిన గది బయటికి వెళ్ళలేదు, అక్కడే ఏడ్చింది.

క్యూ ఖాళీ అవుతోంది. చివరికి ఇరుక్కున్న మాట, అన్నిటికన్నా పొడుగుది, మిగిలింది.

“డాక్టరు ఆదివారం ఫోన్ చేస్తాడని నువ్వు మొన్న అక్కతో అంటుంటే విన్నాను. నీకు మోయలేనంత అయితే వద్దనే చెప్పు. నేను కోప్పడను. ఈ మాట నీకు చేరదని తెలిసే చెప్తున్నాను. చేరేదైతే చెప్పేవాణ్ణి కాదేమో.”

స్పీకరు ఆగింది. ఇక లోపల ఏమీ లేదు.

ఆమె కుర్చీ తెచ్చి ఆయన తల పక్కన, తెర కనపడేలా వేసుకుని కూర్చుంది. ఇన్నాళ్ళూ ఎందుకు అక్కడ కూర్చోలేదో ఆమె చెప్పలేదు. సంజాయిషీ మాత్రం పొడిపొడిగా చెప్పింది. “నేను మూయించలేదండీ. కరెంటు పోయినప్పుడు రాత్రి నంబరు రాసి మర్చిపోయాను. అంతే. మీరు మాట్లాడట్లేదనుకున్నాను.”

ఆయన ఆమెని చూశారు.

అక్కడితో ఆపొచ్చు. ఎవరైనా ఆపుతారు. కానీ ఒకరి సంచీలో ఉన్నదంతా బయట పడ్డాక, ఇంకొకరిది మూటగట్టుకుని కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

“డాక్టరుకి వద్దని చెప్దామనుకున్నాను” అంది. “మీరు లేరనుకునే. కానీ అదొక్కటే కాదు. అలిసిపోయాను. అయిపోతుందంటే తేలికైంది నాకు. ఇందాకే, గంట కిందట. యంత్రం పెడితే మోయగలనో లేదో నాకు తెలీదు. ఇప్పుడు కూడా తెలీదు.”

వదిన తలెత్తి ఆమె వైపు చూసింది.

మాస్టారి చూపు తెర మీదికి మళ్ళింది. ఒక అక్షరం. ఇంకొకటి. ఆమె పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ పడడం చూసింది. పొరపాటున పడ్డదాన్ని ఆయన చెరిపి మళ్ళీ మొదలెట్టారు. అర్థం ముందే తెలిసిపోయినా, ఆమె మాట పూర్తిచెయ్యలేదు. ఆయన చివర చుక్క కూడా పెట్టి, పలికే గడిని చూశారు.

“నువ్వు వద్దనుకున్నా సరే. నాకు బతకాలనుంది. పెట్టించు.”

ఇన్నాళ్ళుగా మొద్దుబారిన చోట ఎక్కడో సన్నగా నొప్పి మొదలైంది. అది సంతోషం కాదు. రేపటి నుంచి మోయవలసింది ఎంతో ఆమెకి తెలుసు. వదిన వేలు ఆ బటను నొక్కి ఉంటే, ఈపాటికి ఈ గొంతుని తను తన నోటితో ఫోనులో ఆపెయ్యడానికి సిద్ధంగా ఉండేదని కూడా తెలుసు. భయం అప్పుడు వేసింది.

“సరే” అంది.

ఫోను మోగింది. డాక్టరు పలకరించి, మెల్లగా, ఇలాంటివి అలవాటైన గొంతుతో, ఏం నిర్ణయించారమ్మా అన్నాడు.

“ఆయన్నే అడగండి” అని, ఫోను స్పీకరు పక్కన పెట్టింది.

డాక్టరుకి అర్థం కానట్టుంది. మాస్టారూ, అన్నాడు, గొంతుకి యంత్రం పెట్టించుకుంటారా? ఏ చప్పుడూ లేదు. తెర మీద మొదటి అక్షరం పడింది. రెండోదాని మీద చూపు నిలవడానికి టైము పడుతోంది. హలో, అన్నాడు డాక్టరు, హలో, అమ్మా, వినపడుతోందా, ఆయనేమీ అనట్లేదు.

“లైన్లో ఉండండి” అంది ఆమె. “టైపు చేస్తున్నారు.”